నాలుగో తరగతి పిల్లాడి ఫ్లాంకర్ పరీక్ష: రెండు భాషలు ధ్యాసను పెంచుతాయా అన్న వాదన, ఒక హన్మకొండ కేసు

తొమ్మిదేళ్ల అబ్బాయి. సొంతూరు నర్సంపేట వైపు ఒక తండా, చదువు హన్మకొండలో ఇంగ్లిష్ మీడియం బడి, నాలుగో తరగతి. (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం.) బడి నుంచి వచ్చిన చీటీలో రెండు వాక్యాలే ఉన్నాయి: పిల్లాడికి ధ్యాస నిలవడం లేదు, ఇంట్లో లంబాడీ, వాడలో తెలుగు, బడిలో ఇంగ్లిష్ కావడంతో గందరగోళపడుతున్నాడు. తల్లి అడిగింది ఒక్కటే: "ఇంట్ల మా భాష బంద్ పెట్టాల్నా మేడం?" వెంట వచ్చిన మేనమామ డిగ్రీ చదివినవాడు. ఆయనది సరిగ్గా ఎదురు వాదన. రెండు భాషలు వస్తే మెదడు చురుగ్గా ఉంటదని, ధ్యాస పెరుగుతదని పేపర్లో చదివానని, మరి వీడికి రివర్స్ ఎట్లయిందని అడిగాడు.

టీచర్ మాటకూ మేనమామ మాటకూ పరిశోధనలో చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో రెండు భాషలు పిల్లల తెలివిని దెబ్బతీస్తాయనే ఎక్కువమంది రాశారు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని తిరగేసింది. అక్కడి నుంచి లోలకం రెండో వైపుకు ఊగింది. ఈ పిల్లాడి కేసులో రెండింటిలో ఏదీ నేరుగా పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో పరీక్ష వివరాల్లోకి వెళ్తేనే తెలుస్తుంది.

మొదట భాషల లెక్క తీశాం. "ఎన్ని భాషలొచ్చు" అని అడిగితే వచ్చే జవాబుతో పనేమీ జరగదు. ఎవరితో, ఎక్కడ, రోజులో ఎంతసేపు, కలిపి మాట్లాడతాడా విడిగానా అని అడగాలి. నాయనమ్మతో పూర్తిగా లంబాడీ. తల్లితో లంబాడీయే అయినా మధ్యమధ్య తెలుగు మాటలు పడతాయి. తోటి పిల్లలతో తెలుగు. బడిలో పాఠం ఇంగ్లిష్‌లో, తిట్లు, హెచ్చరికలు తెలుగులో. ఇంగ్లిష్‌లో చదివి వినిపించగలడు. చదివిందేమిటో చెప్పమంటే తెలుగులోకి దిగుతాడు. లంబాడీ ఇండో ఆర్య భాష, తెలుగు ద్రావిడ భాష, వాక్యం కట్టే తీరులో రెండింటికీ తేడాలున్నాయి. లంబాడీకి సొంత లిపి లేదు, ఆ భాష మాట్లాడే పిల్లల మీద ప్రామాణీకరించిన ధ్యాస పరీక్షా లేదు. కాబట్టి ఏ స్కోరు వచ్చినా దాన్ని ఏదో పుస్తకంలోని పట్టికతో పోల్చి "తక్కువ" అనే అవకాశం మొదటి నుంచీ లేదు. పిల్లాణ్ని పిల్లాడితోనే పోల్చాలి.

వినికిడి పరీక్ష ముందే చేయించాం, మామూలుగా ఉంది. మధ్య చెవిలో నీరు నిలిచిన పిల్లలు అచ్చం ధ్యాస లేనివాళ్లలాగే కనిపిస్తారు కాబట్టి ఇది చూడకుండా ముందుకు పోకూడదు. చూపు కూడా బాగానే ఉంది.

తర్వాత వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి ఇచ్చాం. టీచర్‌కొకటి, ఇంటివాళ్లకొకటి. ధ్యాసలేమికి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో టీచర్ ఏడింటికి "తరచుగా" అని గుర్తు పెట్టింది. తల్లి చెప్పిన జవాబుల్లో అలా తేలినవి రెండే. ధ్యాస నిలవని సమస్య అయిన ఏడీహెచ్‌డీ అనాలంటే, మానసిక సమస్యల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం పిల్లల్లో కనీసం ఆరు లక్షణాలు ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, పన్నెండేళ్ల లోపే మొదలవ్వాలి, కొన్నయినా రెండు చోట్ల కనబడాలి. ఇక్కడ అంతా ఒక్క చోటే ఉంది. ఆదివారం తండాలో నాయనమ్మ కిరాణా డబ్బాలో గంటసేపు కూర్చుని చిల్లర తప్పకుండా ఇస్తాడట. అది పరీక్ష కాదు, అయినా టీచర్ ఫారంలో "లెక్క మధ్యలో వదిలేస్తాడు" అన్న గుర్తు పక్కన పెట్టి చూడాల్సిన సమాచారమే.

ఇక ఫ్లాంకర్ టాస్క్. ద్విభాషల చర్చలో ఎక్కువగా వాడే పరీక్షల్లో ఇదొకటి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. తెర మీద ఐదు చేపలు వరసగా వస్తాయి. నడిమి చేప ఎటు చూస్తోందో ఆ వైపు మీట నొక్కాలి. సగం సార్లు పక్క చేపలు కూడా అటే చూస్తాయి, సగం సార్లు ఎదురు వైపు చూస్తాయి. ఎదురు వైపు చూసినప్పుడు జవాబు ఆలస్యమవుతుంది. ఆ రెండు సగటు సమయాల తేడాను "అడ్డొచ్చేదాన్ని పక్కన పెట్టగల శక్తి"కి కొలతగా తీసుకుంటారు. తేడా ఎంత తక్కువైతే అదుపు అంత ఎక్కువ అని లెక్క. ఇంకో పరీక్ష సైమన్ టాస్క్‌లో చేపల బదులు రంగు చుక్క ఉంటుంది. రంగును బట్టి ఎడమో కుడో నొక్కాలి, చుక్క మాత్రం తెర మీద ఎటైనా రావచ్చు.

పరీక్షను సైకోపై అనే సాఫ్ట్‌వేర్‌లో తయారు చేశాం. 24 అభ్యాసాలు, తర్వాత 96 అసలు ప్రశ్నలు, అందులో ఒకే వైపువి 48, ఎదురు వైపువి 48, మధ్యలో ఒక విరామం. మొదటిసారి బడిలో మాట్లాడినట్టే సూచనలు ఇంగ్లిష్‌లో ఇచ్చాం. ఒకే వైపు చేపలకు సగటు 740 మిల్లీసెకన్లు, ఎదురు వైపుకు 830. తేడా 90. ఎదురు వైపు ప్రశ్నల్లో 15 తప్పులు. వారం తర్వాత అదే పరీక్ష పెట్టాం. ఈసారి లంబాడీ మాతృభాషగా ఉన్న ఒక సహాయకురాలు సూచనలు ఆ భాషలో చెప్పి, పిల్లాడి చేత తిరిగి చెప్పించుకుంది. ఒకే వైపుకు 725, ఎదురు వైపుకు 760. తేడా 35. తప్పులు 5.

చూడగానే ఎవరికైనా ఒక కథ తడుతుంది: మాతృభాషలో పరీక్ష పెడితే ధ్యాస మీద అదుపు రెండింతలు దాటి మెరుగైంది. ఇది రాయకూడదు. లెక్క వేసి చూడాలి.

ఈ వయసు పిల్లల జవాబు సమయం ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్నకు చాలా మారుతుంది. ఈ అబ్బాయి సమయాల ప్రామాణిక విచలనం సుమారు 200 మిల్లీసెకన్లు. రెండు రకాల ప్రశ్నలు 48 చొప్పున ఉన్నాయి కాబట్టి తేడాలో ఉండే పొరపాటు ఇలా వస్తుంది:

```
sqrt(200**2/48 + 200**2/48)  ≈ 41
```

అంటే మొదటిసారి వచ్చిన 90 కి అటూ ఇటూ దానికి రెండింతలు, 80 దాకా ఆట ఉంది. తప్పు జవాబుల సమయాలు తీసేస్తాం కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. రెండు సార్ల మధ్య మారింది 55. రెండు తేడాలను పోల్చేటప్పుడు పొరపాటు రెండు వైపుల నుంచీ కలుస్తుంది, అది 58 దగ్గరికి వెళ్తుంది. 55 మారిన దానికి 58 పొరపాటు ఉంటే ఆ మార్పు గురించి ఏమీ అనలేం. పొరపాటును సగానికి తగ్గించాలంటే ప్రశ్నలు నాలుగింతలు చేయాలి. 384 ప్రశ్నలకు తొమ్మిదేళ్ల పిల్లవాడు అలసిపోతాడు, అప్పుడు కొలిచేది అలసటను. ఈ పరీక్షలతో పని చేసేవాళ్లందరికీ తెలిసిన ఇరకాటం ఇది.

2018లో హెడ్జ్, పావెల్, సమ్నర్ ఈ ఇబ్బందిని పద్ధతిగా చూపించారు. ఫ్లాంకర్, స్ట్రూప్ లాంటి పరీక్షల్లో గుంపు మొత్తంలో తేడా దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. దాదాపు అందరూ ఎదురు వైపు చేపలకు ఆలస్యంగానే నొక్కుతారు. ఆ స్థిరత్వమే చిక్కు తెస్తోంది. మనిషికీ మనిషికీ మధ్య తేడా తక్కువగా ఉండే పరీక్షే ఇలా ప్రతిసారీ పని చేస్తుంది, అలాంటి పరీక్ష ఎవరికి అదుపు ఎక్కువో ఎవరికి తక్కువో వేరు చేయలేదు. ఒకరికే మళ్లీ పెడితే స్కోరు కదులుతుంది. పైగా ఫ్లాంకర్‌లో మెరుగ్గా చేసినవాళ్లు సైమన్‌లో మెరుగ్గా చేస్తారన్న హామీ లేదు, రెండింటి మధ్య సంబంధం చాలా బలహీనం. రెండూ ఒకే "ధ్యాస నియంత్రణ"ను కొలుస్తున్నాయన్నది ఊహే.

తప్పుల సంఖ్య మాత్రం పనికొచ్చింది. 15 నుంచి 5 కి తగ్గడం యాదృచ్ఛికం అనుకోలేనంత పెద్ద మార్పు. అయితే రెండోసారి చేయడంలో వచ్చే అలవాటు కూడా అందులో ఉంటుంది, కాబట్టి సంఖ్య కంటే తప్పులు ఎక్కడ పడ్డాయో చూడాలి. మొదటిసారి పడిన 15లో 9 తప్పులు ఎదురు వైపు ప్రశ్నల్లో మొదటి మూడో వంతులోనే ఉన్నాయి. ధ్యాస జారిపోయే పిల్లల్లో తప్పులు చివరికి వచ్చేకొద్దీ పెరుగుతాయి. నియమం అర్థం కాని పిల్లల్లో మొదట గుంపుగా పడి, నియమం పట్టుబడ్డాక తగ్గుతాయి. ఇతనిది రెండో రకం. అభ్యాసంలో 24 ప్రశ్నలు చేసినా "నడిమి చేప" అన్నది తలకెక్కలేదు, "చేపలు ఎటు చూస్తున్నాయి" అనే అర్థమైంది. అలా అనుకున్నవాడు ఒకే వైపు చేపలకు అన్నీ సరిగ్గానే నొక్కుతాడు. అభ్యాసంలో కనీసం ఇన్ని సరిగ్గా చేస్తేనే అసలు పరీక్షకు వెళ్లాలన్న హద్దును మొత్తం మీద కాకుండా ఎదురు వైపు ప్రశ్నల మీద విడిగా పెట్టాలి. మొత్తం మీద పెడితే ఇలాంటి పిల్లాడు సులభంగా దాటి వచ్చేస్తాడు.

దీన్ని సరిచూడటానికి కాగితం మీద ఒక గుర్తు కొట్టివేసే పని ఇచ్చాం, నాలుగు పేజీలు. సూచన లంబాడీలోనే. చివరి పేజీలో వదిలేసిన గుర్తులు మొదటి పేజీ కంటే ఎక్కువ లేవు. అతని ధ్యాస నిలుస్తోంది.

మేనమామ ప్రశ్న మిగిలింది. మూడు భాషల మధ్య పెరిగినవాడికి ఈ అదుపు ఎక్కువ ఉండాలి కదా?

ఆయన చదివిన వార్తకు మూలం ఎక్కువగా ఎలెన్ బియాలిస్టాక్ బృందం 2004లో సైమన్ టాస్క్‌తో చేసిన అధ్యయనం. అందులో మొదటి ప్రయోగంలో ద్విభాషులు మన దక్షిణాది వాళ్లే, భారతదేశంలో ఉంటున్న తమిళ–ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు కెనడాలో ఉన్నవాళ్లు. మొత్తం 40 మంది. ద్విభాషులకు తేడా తక్కువ వచ్చింది, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లలో. ఫలితం ప్రపంచమంతా పాకింది. కానీ రెండు గుంపుల మధ్య భాషే కాదు, దేశం, తిండి, బతుకు, చదువు అన్నీ మారాయి. ఆసక్తికరమైన విషయం, ఆ పత్రంలో సహ రచయిత అయిన రేమండ్ క్లైన్ 2011లో హిల్చీతో కలిసి అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ తిరగేసి, అడ్డును పక్కన పెట్టే శక్తిలో ద్విభాషులకు మేలు అరుదుగానే కనబడుతోందని రాశాడు. కనబడినచోట అది ఎదురు వైపు ప్రశ్నల్లోనే కాకుండా రెండు రకాల్లోనూ వేగంగా ఉండటమే. అలాంటి వేగానికి "అడ్డును ఆపడం" కారణం కాలేదు. శాస్త్రవేత్తలు తమ ఫలితాన్నే ఇలా గుచ్చి చూడటం మనం అనుకునేంత తరచుగా జరగదు.

పిల్లల్లో చూస్తే, 2007లో మోర్టన్, హార్పర్ కుటుంబాల ఆర్థిక, చదువు స్థాయిలను సమం చేసి సైమన్ టాస్క్ పెట్టారు. ఏక భాషా పిల్లలకూ ద్విభాషా పిల్లలకూ తేడా కనబడలేదు. 2019లో డిక్, సహచరులు అమెరికాలో 9, 10 ఏళ్ల పిల్లలు 4,524 మందిని చూశారు. ఈ పిల్లాడి వయసే. ఫ్లాంకర్‌తో సహా ధ్యాస నియంత్రణ పరీక్షల్లో ద్విభాషా మేలుకు ఆధారం దొరకలేదు. 2018లో లెహ్టోనెన్ బృందం పెద్దల మీద వచ్చిన 152 అధ్యయనాలను కలిపి లెక్కిస్తే చిన్న మేలు ఒకటి కనిపించింది, అయితే ప్రచురణ పక్షపాతాన్ని సవరించగానే అదీ పోయింది.

ఆ పక్షపాతం ఏమిటో 2015లో డి బ్రౌన్, ట్రెకాని, డెల్లా సాలా నేరుగా చూపించారు. 1999 నుంచి 2012 దాకా సదస్సుల్లో చదివిన 104 సారాంశాలను తీసుకుని, వాటిలో ఏవి తర్వాత పత్రికల్లో వచ్చాయో వెతికారు. మేలు ఉందన్న వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు అచ్చయ్యాయి. మేలు లేదన్న వాటిలో మూడో వంతు అటూ ఇటూగానే అచ్చయ్యాయి. పేపర్ చదివే మేనమామకు ఆ మిగతావి ఎప్పటికీ చేరవు.

అయితే వివాదం ఇక్కడితో ముగియలేదు, ముగియకపోవడానికి న్యాయమైన కారణమే ఉంది. "ద్విభాషి" అని ఒకే డబ్బాలో వేసినవాళ్ల రోజులు ఒకేలా ఉండవు. 2013లో గ్రీన్, అబుటాలెబీ ప్రతిపాదించిన దాని ప్రకారం ఒక భాష ఒక చోట, ఇంకోటి ఇంకో చోట మాట్లాడేవారికి ఒక రకం అదుపు కావాలి. ఒకే చోట మనిషిని బట్టి భాష మార్చేవారికి ఎక్కువ అదుపు కావాలి. ఒకే వాక్యంలో రెండూ కలిపేసేవారికి రెండో భాషను అణచాల్సిన పనే అంతగా ఉండదు. ఈ అబ్బాయి నాయనమ్మ దగ్గర, దోస్తులతో మొదటి రకం. తల్లితో మూడో రకం. అతణ్ని దేనిలో వేసి లెక్కించాలి? 4,524 మందిలో ఇలాంటి తేడాలు సన్నగా కలిసిపోతాయి, మేలు నిజంగా కొన్ని రకాల వాడుకలోనే ఉంటే సగటులో దొరకదు. దీనికి ఎదురు మాటా ఉంది: ప్రతి శూన్య ఫలితానికీ "సరైన రకం ద్విభాషులు కారు" అని చెప్పుకుంటూ పోతే ఆ సిద్ధాంతాన్ని తప్పని తేల్చే మార్గమే మిగలదు. ఏ రకంలో ఎంత తేడా రావాలో కొలవకముందే రాసిపెట్టిన అధ్యయనాలనే ఇకమీద నమ్మాలని మా అభిప్రాయం.

వరంగల్‌లోనే ఇది తేల్చేద్దామని ఎవరైనా అనుకుంటే ఎదురయ్యే చిక్కు వేరు. పోల్చడానికి ఒక్క భాషే వచ్చినవాళ్లు కావాలి. మట్టెవాడలోనో కాజీపేటలోనో ఉర్దూ చెవిన పడని, ఇంగ్లిష్ అక్షరం చూడని తొమ్మిదేళ్ల పిల్లవాడు ఎక్కడ దొరుకుతాడు? తెలుగు ఒక్కటే వచ్చినవాళ్ల కోసం మారుమూల ఊళ్లకు పోతే, పట్టణ పిల్లలతో పోలిక భాష పోలిక కాకుండా పోతుంది. దీనికి మన దేశంలో ఒక తెలివైన దారి అజిత్ మొహంతీ చూపించారు. ఒడిశాలో కోంధుల్లో కొన్నిచోట్ల కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు, కొన్నిచోట్ల కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒకటే, జీవనం దాదాపు ఒకటే, భాషలోనే తేడా. ఆ పోలికల్లో ద్విభాషా పిల్లలు భాష గురించి ఆలోచించే పనుల్లో మెరుగ్గా చేశారు. మనకు ములుగు వైపు కోయ, ఆదిలాబాద్ వైపు గోండి, కొలామి ఉన్నాయి. ఆ భాషలు నిలిచిన ఊళ్లనూ, తెలుగులోకి మారిపోయిన ఊళ్లనూ ఇలా పోల్చవచ్చు. బడి దూరం, తల్లిదండ్రుల చదువు మాత్రం ఊరూరికీ నమోదు చేయాలి, ఎందుకంటే భాష మారిన ఊరు సాధారణంగా రోడ్డుకు దగ్గరి ఊరు.

మేనమామ ఇంకోటి కూడా గుర్తు చేశాడు: హైదరాబాద్ నిమ్స్ అధ్యయనం. అది మన రాష్ట్రానికి గర్వకారణమైన పనే. సువర్ణ అల్లాడి, సహచరులు 2013లో 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు చూశారు. ద్విభాషుల్లో జబ్బు మొదలైన వయసు ఒక్క భాష వచ్చినవాళ్ల కంటే 4.5 ఏళ్లు ఆలస్యంగా తేలింది. చదువు రానివాళ్లలో కూడా ఆలస్యం కనబడటంతో, ఇది చదువు ప్రభావమే అన్న విమర్శకు అక్కడ తావు తగ్గింది. వలస వచ్చినవాళ్లూ కారు. రెండుకు మించి భాషలొస్తే అదనపు లాభం కనబడలేదు.

కానీ ఆ లెక్క ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క, జబ్బు మొదలైన వయసు ఇంటివాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పింది. జబ్బు లేనివాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూసే అధ్యయనాల్లో బొమ్మ మారుతుంది. 2014లో జహోడ్నీ బృందం న్యూయార్క్ ఉత్తర మన్‌హట్టన్‌లో స్పానిష్ మాట్లాడే వెయ్యి మందికి పైగా వృద్ధులను ఇలా చూస్తే, ద్విభాషుల్లో డిమెన్షియా రావడం తగ్గలేదు. ఏది సరైనదైనా, అరవై దాటినవారి జబ్బు వయసు నుంచి తొమ్మిదేళ్ల పిల్లాడి చేపల ఆటకు దారి లేదని మేనమామకు చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు, కానీ విన్నాడు.

చివరికి రాసిన రిపోర్టులో ఫ్లాంకర్ స్కోరు పెట్టలేదు. దాని మీద ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. రాసింది మూడు విషయాలు. ఇప్పటికి ఏడీహెచ్‌డీ అనడానికి ఆధారం లేదు. ఇంగ్లిష్‌లో రెండు మూడు పనులు కలిపి చెప్పినప్పుడు మొదటిదే అందుతోంది, కాబట్టి ఒక్కో పనే చెప్పి, ఏం చేయాలో తెలుగులో తిరిగి చెప్పించుకోవాలి, "అర్థమైందా" అని అడిగి "ఎస్ మేడం" అనిపించుకుని వదలకూడదు. ఇంట్లో లంబాడీ ఆపాల్సిన పని లేదు. ధ్యాస పెరుగుతుందని కాదు, ఆపితే ధ్యాస బాగుపడుతుందనడానికి ఏ ఆధారమూ లేదు కాబట్టి. పైగా ఆపితే నాయనమ్మతో మాటే ఉండదు.

మూడు నెలల తర్వాత టీచర్ అదే ఫారం మళ్లీ నింపింది. ఏడు గుర్తులు మూడయ్యాయి. ఫారం నింపిన టీచరే సూచనల పద్ధతి కూడా మార్చింది కాబట్టి, ఆ తగ్గుదలలో ఎంత పిల్లాడిదో ఎంత ఆమె చూపుదో విడదీయలేం. లెక్కల నోట్‌బుక్‌లో మధ్యలో వదిలేసిన లెక్కలను మా సహాయకురాలు లెక్కించింది, అవి కూడా తగ్గాయి. ఐదో తరగతిలో కొత్త టీచర్ వస్తారు. అప్పుడు కూడా ఆరు గుర్తులు దాటి, ఇంట్లో లంబాడీలో చెప్పిన పనుల్లోనూ అదే కనబడితే ఏడీహెచ్‌డీ పరిశీలన మొదటి నుంచి మొదలుపెట్టాలని ఫైల్‌లో రాసి ఉంచాం.